తమ్ముడు నెట్ సెంటర్‌కి వెళ్తే అక్క పంపిన ఫొటో ఏమవుతుంది? వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ రివ్యూ

నమస్తే అండి, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి రివ్యూకి కొత్త ఫోనేమీ తేలేదు. మన వాట్సాప్‌లో చాట్ మొదట్లోనే తాళం బొమ్మతో కనిపించే ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌నే తీసుకున్నాను. అంటే పంపే చివర, అందుకునే చివర తప్ప మధ్యలో ఎవరూ చదవలేకుండా మెసేజ్‌కి తాళం వేయడం. టేబుల్ మీద రెండు ఫోన్లున్నాయి చూడండి. ఇది విజయనగరంలో ఉన్న అక్కది, అది శ్రీకాకుళంలో ఉన్న తమ్ముడిది అనుకుందాం. అక్క పట్టాదారు పాసుపుస్తకం ఫొటో తీసి తమ్ముడికి పంపుతోంది.

వాట్సాప్ పెట్టుకున్నప్పుడే ప్రతి ఫోనూ తనకంటూ రెండు కీలు, అంటే తాళంచెవుల్లా పనిచేసే పెద్ద సంఖ్యలు, తయారు చేసుకుంటుంది. పబ్లిక్ కీ సర్వర్‌కి వెళ్తుంది, ప్రైవేట్ కీ మాత్రం ఫోన్ దాటదు. అక్క ఫోన్ తన ప్రైవేట్ కీని, తమ్ముడి పబ్లిక్ కీని కలిపి లెక్క కడుతుంది. తమ్ముడి ఫోన్ తన ప్రైవేట్ కీతో, అక్క పబ్లిక్ కీతో అదే లెక్క కడుతుంది. ఇద్దరికీ ఒకే రహస్య సంఖ్య వస్తుంది. మధ్యలో ఉన్న సర్వర్‌కి రెండు పబ్లిక్ కీలూ తెలిసినా ఆ సంఖ్య దొరకదు. దాని నుంచి ప్రతి మెసేజ్‌కీ కొత్త కీ పుడుతుంది, వాడిన కీని ఫోన్ పారేస్తుంది. ఇదంతా సిగ్నల్ ప్రోటోకాల్ అనే పద్ధతి చేసే పని. వాట్సాప్‌లో అందరికీ ఇది పూర్తిగా వచ్చింది 2016లో. దారి మధ్యలో కాపాడే విషయంలో దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

సరే, సర్వర్ ఇచ్చిన పబ్లిక్ కీ నిజంగా తమ్ముడిదేనని అక్కకి ఎలా తెలుస్తుంది? తమ్ముడి పేరు మీద నొక్కి ‘ఎన్‌క్రిప్షన్’ తెరిస్తే 60 అంకెల కోడ్, పక్కనే క్యూఆర్ కనిపిస్తాయి. రెండు ఫోన్లలోనూ అవే అంకెలుంటే మధ్యలో ఎవరూ లేరని అర్థం. తమ్ముడు ఫోన్ మార్చినా, వాట్సాప్ తీసేసి మళ్లీ పెట్టుకున్నా కోడ్ మారుతుంది. అది వెంటనే తెలియాలంటే సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో ‘సెక్యూరిటీ నోటిఫికేషన్స్’ ఆన్ చేసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తమ్ముడికి ఆ ఫొటో ప్రింట్ కావాలి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్లాడు. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి, ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేసి, ప్రింట్ తీసుకుని వచ్చేశాడు. లాగౌట్ మర్చిపోయాడు. మన దగ్గర రోజూ జరిగేదే ఇది.

ఆ స్కాన్‌తో ఏం జరిగిందో చూడండి. ఆ కంప్యూటర్‌కి కూడా సొంత కీలు వచ్చాయి. తమ్ముడి ఇటీవలి చాట్లు దానిలోకి చేరాయి. ఇక నుంచి అక్క ఏం పంపినా, ఆమె ఫోన్ దాన్ని తమ్ముడి ఫోన్‌కి ఒకసారి, ఆ కంప్యూటర్‌కి ఇంకోసారి విడివిడిగా లాక్ చేసి పంపుతుంది. ఎన్‌క్రిప్షన్ ఎక్కడా విరగలేదు, హ్యాకింగూ జరగలేదు. నెట్ సెంటర్ కంప్యూటరే ఇప్పుడు ఒక ‘ఎండ్’ అయిపోయింది, అంతే. అక్క తప్పేమీ లేకపోయినా ఆమె కాగితాలు ఎవరి ముందో తెరిచి ఉన్నాయి. నాకు బాధనిపించేది ఇక్కడే.

ఇలా జరిగిందో లేదో తెలుసుకోవడం తేలికే. వాట్సాప్ మెనూలో ‘లింక్డ్ డివైసెస్’ తెరవండి. ఏ బ్రౌజర్, చివరిసారి ఎప్పుడు వాడారు అన్నది అక్కడ ఉంటుంది. మీది కానిది కనిపిస్తే దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. దానంతట అదే పోతుందిలే అని ఊరుకోవద్దు. మీ ఫోన్‌లో రోజూ వాట్సాప్ తెరుస్తున్నంత కాలం ఆ కంప్యూటర్ లింక్ కూడా బతికే ఉండొచ్చు. ఇంకో మాట, లాగౌట్ చేసినా ప్రింట్ కోసం దించుకున్న ఫైల్ ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. కుర్చీలోంచి లేచే ముందే దాన్ని, ఆపైన రీసైకిల్ బిన్‌లో ఉన్నదాన్ని కూడా తీసేయాలి.

ఎవరు ఎవరికి, ఎప్పుడు మెసేజ్ పెట్టారన్నది కూడా ఈ తాళం దాచదు. చేరవేయాలంటే సర్వర్‌కి ఆ వివరం కావాలి.

చివరగా బ్యాకప్. ఆండ్రాయిడ్‌లో చాట్లు గూగుల్ అకౌంట్‌లోకి బ్యాకప్ అవుతాయి. మీరు విడిగా ఆన్ చేయకపోతే ఆ కాపీకి ఎండ్-టు-ఎండ్ రక్షణ ఉండదు. 2021లో వచ్చిన ఆప్షన్ ఇది: సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, ‘ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్’. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అక్షరాల కీ తీసుకోవచ్చు. ఆ కీ పోగొట్టుకుంటే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు, కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అక్క ఒక్కతే ఇది ఆన్ చేస్తే సరిపోదండి. అదే ఫొటో తమ్ముడి బ్యాకప్‌లోనూ ఉంది, అతని ఫోన్‌లోనూ ఆన్ చేయించాలి.