బాలింత కాలి వాపు: లోతు సిరలో గడ్డ ఎలా పుడుతుంది?

యాంకర్: అందరికీ నమస్కారం. సిజేరియన్ అయి రెండు వారాలైన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఎడమ కాలు ఒక్కటే తొడ దాకా వాచింది. ఇంట్లోవాళ్ళు "పచ్చి బాలింత కదా, నీరు పట్టిందిలే" అంటున్నారు. కానీ అది డీవీటీ, అంటే కాలి లోతు సిరల్లో రక్తం గడ్డకట్టడం. అదెలా మొదలవుతుందో చెప్పడానికి రక్తనాళాల సర్జన్ ఒకరు మనతో ఉన్నారు. మేడం, కదలకుండా పడుకుంటే రక్తం నిలిచిపోయి గడ్డకడుతుందని అందరూ అంటారు. అంతేనా?

డాక్టర్: నమస్కారమమ్మా. అది సగం మాటే. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో విలియం హ్యూసన్ అనే ఆయన కుక్క మెడ సిరను రెండు చోట్ల దారంతో కట్టి, మధ్యలో రక్తం కదలకుండా చేశాడు. గంటలు గడిచినా అది చాలావరకు పలచగానే ఉంది. కాబట్టి నిలిచిపోవడం ఒక్కటే చాలదు. సిర లోపలి గోడ పాడవ్వాలి, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగాలి. ఈ మూడింటినీ కలిపి మేము విర్కో త్రయం అంటాం. 1856లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో చేసిన పరిశోధన మీద, ఆ పేరు తర్వాతివాళ్ళు పెట్టారు.

యాంకర్: మరి గడ్డ సరిగ్గా ఎక్కడ పుడుతుంది?

డాక్టర్: చాలాసార్లు వాల్వ్ వెనక. కాలి సిరల్లో రక్తం కిందికి జారకుండా పలచటి రెండు రెక్కల వాల్వులుంటాయి. రెక్కకీ గోడకీ మధ్య చిన్న సంచి లాంటి ఖాళీ ఉంటుంది. గోదావరి కాలవ లాకు దగ్గర చూడండి, నీళ్ళు మధ్యలోంచి పోతుంటాయి, తలుపు వెనక మూలలో మాత్రం నాచూ పుల్లలూ అక్కడే సుళ్ళు తిరుగుతుంటాయి. ఈ సంచిలోనూ అంతే. మనం నడిచినప్పుడు పిక్క కండరం సిరను పిండుతుంది, ఆ ఊపుకి సంచిలో పాత రక్తం పోయి కొత్తది వస్తుంది. కదలకుండా పడుకుంటే అడుగున ఉన్న రక్తం అక్కడే ఉండిపోతుంది, అందులో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

యాంకర్: నాకొక సందేహం. కోత పడింది పొట్టకి. కాలి సిరకి గాయం ఎక్కడిది?

డాక్టర్: మంచి ప్రశ్న. గాయం అంటే తెగడమే అనుకుంటాం. సిర లోపలి పొరను ఎండోథీలియం అంటాం. మామూలుగా ఆ పొర రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, దానికోసం థ్రాంబోమాడ్యులిన్ లాంటి పదార్థాలను తన మీద ఉంచుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే, ఆపరేషన్ వల్ల ఒళ్ళంతా ఇన్‌ఫ్లమేషన్ ఉంటే, ఆ పొర గుణమే మారిపోతుంది. గడ్డను ఆపే పదార్థాలు తగ్గుతాయి, పి-సెలెక్టిన్ అనే జిగురు అణువులు పైకి వస్తాయి. అటు వచ్చిన తెల్ల రక్తకణాలు వాటికి అతుక్కుంటాయి. కొన్ని తెల్లకణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌ను బయటపెడతాయి. గడ్డకట్టే ప్రక్రియ మొదలయ్యేది అక్కడే. త్రాంబిన్ అనే ఎంజైమ్ తయారవుతుంది, అది రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాల్లో ఎర్ర కణాలు చిక్కుకుంటాయి. ఇదంతా ఒక్క చుక్క నెత్తురు కారకుండానే జరిగిపోతుంది. ప్రసవంలో బొడ్డు కింది పెద్ద సిరలు నలగడం దీనికి అదనం.

యాంకర్: ఇక మూడోది, రక్తం గుణం. బాలింతలో అదెందుకు మారుతుంది?

డాక్టర్: నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడినప్పుడు అదంతా కారిపోతే తల్లి బతకదు. అందుకే ఒళ్ళు ముందే సిద్ధపడుతుంది. ఫైబ్రినోజన్ మామూలుగా డెసిలీటరుకి 200 నుంచి 400 మిల్లీగ్రాములుంటే, చివరి నెలల్లో 600 దాకా కూడా వెళ్తుంది. గడ్డకట్టడానికి తోడ్పడే ఎనిమిదో ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కూడా పెరుగుతుంది. గడ్డకు కళ్ళెం వేసే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. బిడ్డ పుట్టగానే ఇదంతా మామూలైపోదు, సుమారు ఆరు వారాలు పడుతుంది. అసలు ముప్పు ఆ వారాల్లోనే. అప్పుడే మనవాళ్ళు బాలింతను మంచం దిగనివ్వరు, కుట్లు ఉబ్బుతాయని నీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. ప్రేమతోనే చేస్తారు, నేను కాదనను. కానీ రక్తం గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషిని పడుకోబెట్టి, నీళ్ళు తగ్గిస్తున్నాం.

యాంకర్: ఎడమ కాలే ఎందుకు?

డాక్టర్: పొత్తికడుపులో ఎడమ కాలి నుంచి వచ్చే పెద్ద సిర మీదుగా కుడి వైపు ధమని దాటుతుంది. వెనక వెన్నెముక, ముందు ఆ ధమని, మధ్యలో సిర నలుగుతుంది. గర్భసంచి బరువు తోడైతే ఇంకా. గర్భిణుల్లో వచ్చే డీవీటీల్లో ఎక్కువ భాగం ఎడమ కాలివే.

యాంకర్: సరే, ఆ అమ్మాయి మీ దగ్గరికి వచ్చింది. ఏం చేస్తారు?

డాక్టర్: ముందు టేపుతో రెండు పిక్కలూ ఒకే ఎత్తులో కొలుస్తాను. బాలింత నీరైతే సాధారణంగా రెండు కాళ్ళకీ వస్తుంది. ఈమెకి ఎడమ పిక్క నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ ఉంది, గజ్జల్లో నొప్పి ఉంది అనుకుందాం. డి-డైమర్ రక్తపరీక్ష ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు, ప్రసవమైన కొన్ని వారాల దాకా అది ఎలాగూ ఎక్కువే ఉంటుంది. సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చేయిస్తాను. ప్రోబ్‌తో గట్టిగా నొక్కితే మామూలు సిర చప్పగా అణిగిపోతుంది. లోపల గడ్డ ఉంటే అణగదు.

యాంకర్: స్కాన్ నార్మల్ వస్తే ఇక టెన్షన్ లేనట్టేనా?

డాక్టర్: ఈమె విషయంలో అలా అనలేం. తొడ, మోకాలి వెనక సిరలు రెండూ అణిగాయనుకోండి, అయినా కాలంతా వాచి ఉందంటే గడ్డ ఇంకా పైన, పొత్తికడుపులో ఉండొచ్చు. అక్కడ ప్రోబ్‌తో నొక్కడం కుదరదు. అప్పుడు తొడ సిరలో రక్తం ఎలా పారుతోందో చూస్తాం. అది ఊపిరికి తగ్గట్టు హెచ్చుతగ్గులవ్వాలి. ఎడమవైపు ఒకే తీరుగా సాగుతోందంటే పైన అడ్డు ఉందని అనుమానించి, సిరలను చూపే ఎమ్మారై స్కాన్, అంటే ఎమ్మార్ వెనోగ్రామ్ చేయిస్తాం. "రిపోర్టు నార్మల్" అని ఇంటికి పంపేస్తే తప్పిపోయేది ఈ గడ్డే. ఇది ఊడి గుండె మీదుగా ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఒక్కసారిగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే స్కాన్ కోసం ఆగకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి.

యాంకర్: మందులు గడ్డను కరిగిస్తాయా?

డాక్టర్: హెపారిన్ ఇంజెక్షన్ కరిగించదమ్మా, పెరగనివ్వదు. కరిగించే పని ఒంట్లోని ప్లాస్మిన్ మెల్లగా చేసుకుంటుంది. అందుకే కనీసం మూడు నెలల చికిత్స. హెపారిన్ గానీ, గడ్డ పెరగనివ్వని వార్ఫరిన్ మాత్ర గానీ వాడుతూ బిడ్డకి పాలివ్వొచ్చు. కొత్తగా వచ్చిన కొన్ని మాత్రలు మాత్రం పాలిచ్చే తల్లులకు ఇవ్వం.

యాంకర్: చివరిగా ఒక్కటి. నడిస్తే గడ్డ కదులుతుందని భయపడతారు. కాలికి నూనె రాసి మర్దన కూడా చేస్తారు.

డాక్టర్: వాచిన కాలిని పిసకొద్దు, గడ్డ ఊడే ప్రమాదం ఉంది. నడక సంగతి వేరు. హెపారిన్ మొదలయ్యాక, నొప్పి ఓర్చుకోగలిగితే, ఆమెను నేను నడవమనే చెప్తాను. మంచం మీదే ఉంచడం వల్ల గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోవడం తగ్గుతుందని ఎక్కడా తేలలేదు. నడిస్తే పిక్క మళ్ళీ సిరను పిండుతుంది, వాపూ నొప్పీ త్వరగా తగ్గుతాయి.