రెండు ఆఫర్లలోనూ ఫిక్స్‌డ్ 10,20,000, మరి చేతికొచ్చేది?

శ్రోతలకు నమస్కారం. హైదరాబాదులో ఉద్యోగానికి రెండు కంపెనీల నుంచి ఆఫర్లు వచ్చాయనుకుందాం. ఫోన్‌లో రెండు స్క్రీన్‌షాట్లున్నాయి. సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, మొదటిదాంట్లో ఏడాదికి 12,00,000, రెండోదాంట్లో 10,80,000. కింద ఫిక్స్‌డ్ అన్నచోట రెండిట్లోనూ 10,20,000 అనే ఉంది. పైగా మొదటి కంపెనీ పనితీరును బట్టి 1,80,000 దాకా వేరియబుల్ ఇస్తానంటోంది. ఇక ఆలోచించేదేముంది, మొదటిదే మేలు అనిపిస్తుంది. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, లెక్క వేసి చూద్దాం.

అసలు చిక్కు ఆ ఫిక్స్‌డ్ అన్న మాటలోనే ఉంది. మొదటి కంపెనీ రాసింది ఫిక్స్‌డ్ సీటీసీ. అంటే మీ పేరున కంపెనీ పెట్టే స్థిరమైన ఖర్చంతా అందులో ఉంది. వివరాల పట్టిక తెరిస్తే, కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 72,000, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా కలిపి 48,000 కనిపిస్తాయి. ఈ 1,20,000 తీసేస్తే మిగిలేది 9,00,000, నెలకు 75,000. గ్రాస్ జీతం అంటే ఇదీ. రెండో కంపెనీ చూపిన 10,20,000 మాత్రం నేరుగా గ్రాస్ జీతమే, నెలకు 85,000. పీఎఫ్ వాటా 21,600, గ్రాట్యుటీ, బీమా 38,400 దాని పైన కలిపి 10,80,000 అని సీటీసీ చూపింది.

ఇప్పుడు కోతలు. మొదటి కంపెనీలో బేసిక్ నెలకు 50,000. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద 12 శాతం లెక్కగడతారు కాబట్టి మీ జీతం నుంచి 6,000 పోతుంది. రెండో కంపెనీ బేసిక్‌లో 15,000 వరకే లెక్కగట్టి పీఎఫ్ కడుతుంది, అందుకని కోత 1,800. వృత్తి పన్ను రెండుచోట్లా 200. ఆదాయపు పన్ను సంగతికొస్తే, 2025-26 కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక ఆదాయం 12,00,000 దాటకపోతే పన్ను పడదు. వేరియబుల్ మొత్తం వచ్చినా మొదటి ఆఫర్ ఆ గీత లోపలే ఉంటుంది. కాబట్టి నెలనెలా చేతికొచ్చేది మొదటిదాంట్లో 68,800, రెండోదాంట్లో 83,000. తేడా 14,200.

అయితే ఇక్కడే ఆగిపోతే మొదటి కంపెనీకి అన్యాయం చేసినట్టవుతుంది. పీఎఫ్ మీ సొమ్మే కదా! మీ వాటా, కంపెనీ వాటా కలిపి మొదటిచోట నెలకు 12,000 జమవుతుంది, రెండోచోట 3,600. అవి కూడా కలిపితే 80,800, 86,600. ఇలా చూస్తే తేడా నెలకు 5,800కు దిగుతుంది, ఏడాదికి 69,600. గ్రాట్యుటీని ఈ లెక్కలో కలపలేదు. శాశ్వత ఉద్యోగికి అది మామూలుగా 5 ఏళ్ల సర్వీసు నిండితేనే దక్కుతుంది.

ఇప్పుడు వేరియబుల్‌ని చూడండి. 1,80,000లో నూటికి 39 వంతులు, అంటే సుమారు 70,000 వస్తే రెండు ఆఫర్లూ సమానం. అంతకు మించి వస్తే మొదటిది లాభం, పూర్తిగా వస్తే 1,10,400 ఎక్కువ. అందుకే హెచ్ఆర్‌ని అడగాల్సింది “వేరియబుల్ ఇస్తారా” అని కాదు. “నేను చేరే టీమ్‌కి, నా స్థాయివాళ్లకి పోయిన రెండేళ్లలో ఎంత శాతం ఇచ్చారండీ?” అని అడగాలి. మూడు నెలలకోసారి ఇస్తారా, ఏడాది చివరా? ఇచ్చే రోజున ఉద్యోగంలో ఉండి తీరాలా? మధ్యలో చేరితే మొదటి ఏడాది ఎన్ని నెలలకు లెక్కగడతారు? వీటికి జవాబులు మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట ఆఫర్ లెటర్‌లో లేకపోతే తర్వాత పట్టుబట్టడం కష్టం.

ఇంటద్దె, ఈఎంఐ కట్టేది మాత్రం నెల జీతంలోంచే. ఆ ఖర్చులు 65,000 దాకా ఉన్న ఇంటికి మొదటి ఆఫర్‌లో మిగిలేది 3,800. వేరియబుల్ వస్తుందని గట్టిగా తెలిసినా, అది వచ్చేదాకా నెలలు గడవాలి. అలాంటివారికి నా ఓటు రెండోదానికే.

స్క్రీన్‌షాట్‌లో నెలవారీ అన్న గడి మాత్రం నమ్మకండి. కొన్ని కంపెనీలు సీటీసీ మొత్తాన్ని 12తో భాగించి 1,00,000 అని చూపిస్తాయి. పట్టిక కింది భాగం కత్తిరించి పంపితే పూర్తి పీడీఎఫ్ అడిగి తెప్పించుకోండి. ఏడాది మధ్యలో మారుతున్నవారు పాత కంపెనీలో వచ్చిన జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వాలి. లేకపోతే వాళ్లు తమ జీతం వరకే చూసి పన్ను కోయరు, రెండూ కలిపి స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక కూడా 12,00,000 దాటినవారు రిటర్ను వేసేటప్పుడు ఆ పన్ను వడ్డీతో సహా ఒక్కసారిగా కట్టుకోవాల్సి వస్తుంది.