40×60 ప్లాటులో నాలుగు సగటులు

"అన్నా, హరాత్మక, గుణ, అంక, వర్గ మధ్యమాలు ఏ వరసలో వస్తాయో ఎన్నిసార్లు బట్టీ పట్టినా మర్చిపోతున్నా. అంకెలేసి ఒకసారి చూపించు." కడప నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న.

బట్టీ పక్కన పెట్టు తమ్ముడూ, ఒక ప్లాటు తీసుకుందాం. అనంతపురం వైపు లేఅవుట్లలో 40×60 అంటే అందరికీ తెలిసిన కొలతే. వెడల్పు 40 అడుగులు, పొడవు 60. దీన్ని తీసేసి బదులుగా ఒక చతురస్రపు ప్లాటు ఇస్తామన్నారనుకో. దాని భుజం ఎంతుండాలి? ఏది మారకూడదంటావో దాన్ని బట్టి జవాబు మారుతుంది. మన నాలుగు మధ్యమాలు ఆ నాలుగు జవాబులే.

చుట్టూ వేసే కంచె మారకూడదంటే చుట్టుకొలత చూడాలి. అది 200 అడుగులు, నాలుగు భుజాలకు పంచితే ఒక్కోటి 50. ఇది అంకమధ్యమం.

నేల మారకూడదంటే వైశాల్యం 2400 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో సుమారు ఐదున్నర సెంట్లు. దాని వర్గమూలం 48.99. ఇది గుణమధ్యమం.

మేస్త్రీ మూలలు సరిగ్గా వచ్చాయా లేదా అని టేపు ఐమూలగా పట్టి చూస్తాడు కదా, ఆ కర్ణం మారకూడదనుకో. 40 వర్గం 1600, 60 వర్గం 3600, కలిపితే 5200. అందులో సగం 2600, దాని వర్గమూలం 50.99. ఇది వర్గమధ్యమం.

నాలుగోది కొంచెం వింతది. ఒక్కో అడుగు కంచెకు ఎంత నేల దక్కుతోంది? 2400ని 200తో భాగిస్తే 12. చతురస్రంలో ఆ లెక్క భుజంలో నాలుగోవంతు, కాబట్టి భుజం 48. ఇది హరాత్మక మధ్యమం.

వరసగా పెడితే 48, 48.99, 50, 50.99. హరాత్మకం, గుణ, అంక, వర్గ.

ఇదే వరస ఎందుకొచ్చింది? 40 అంటే 50లోంచి 10 తీసింది, 60 అంటే 50కి 10 కలిపింది. రెండూ గుణిస్తే 2500 − 100. వర్గాలు కలిపి సగం చేస్తే 2500 + 100. మొదటిది 2500 కంటే ఎప్పుడూ తక్కువే, రెండోది ఎప్పుడూ ఎక్కువే. అందుకే గుణమధ్యమం 50కి కింద, వర్గమధ్యమం పైన పడ్డాయి. హరాత్మకం అంటే 2400ని 50తో భాగించడమే. 2400ని 48.99తో భాగిస్తే 48.99 వస్తుంది, అంతకంటే పెద్దదైన 50తో భాగించాం కాబట్టి ఇంకా కిందికి దిగింది. రెండు సంఖ్యలూ సమానమైతే ఆ 10 స్థానంలో సున్నా వస్తుంది, నాలుగూ ఒక్కటైపోతాయి. నిజానికి రుజువంతా ఇంతే, 50 స్థానంలో a, 10 స్థానంలో d రాసుకో చాలు.

తప్పులు ఎక్కువగా వర్గమధ్యమం దగ్గరే జరుగుతాయి. సగం చేయడానికి ముందే వర్గమూలం తీస్తారు. √5200 అంటే 72.11, అందులో సగం 36.06. చూడగానే తప్పని తెలియాలి, ఎందుకంటే ఏ మధ్యమమైనా 40కీ 60కీ మధ్యలోనే ఉండాలి. హరాత్మకానిది వేరే రోగం. వ్యుత్క్రమాలతో చేసేటప్పుడు 1/60ని 0.017 అని కుదించేస్తారు. 0.025 కలిపితే 0.042, సగం 0.021, తిరగేస్తే 47.62. ఇది 40, 60 మధ్యలోనే ఉంది, వరస కూడా చెడలేదు, కాబట్టి తప్పు దొరకదు. దీన్ని పట్టుకోవాలంటే అంకమధ్యమంతో గుణించి చూడు. 50 × 48 = 2400, సరిగ్గా 40 × 60. 50 × 47.62 అయితే 2381, అక్కడ దొరికిపోతుంది.

కానీ ఈ తనిఖీ రెండు సంఖ్యలకే. మూడింటికి వాడితే సరైన జవాబును కూడా తప్పనుకుంటావు. 1, 2, 3 తీసుకో. హరాత్మకం 1.636, గుణ 1.817, అంక 2, వర్గ 2.160. వరస అలాగే ఉంది, కానీ 2 × 1.636 అంటే 3.27, గుణమధ్యమం వర్గం 3.30. రెండూ కలవలేదు, అయినా లెక్కలో తప్పేమీ లేదు.

ఇంకొక్కటి, సంఖ్యలన్నీ ధనాత్మకంగా ఉండాలి. ఒక్క సున్నా ఉన్నా వ్యుత్క్రమం రాయలేవు. −40, 60 అంటే లబ్ధం −2400, దానికి వాస్తవ వర్గమూలమే లేదు. ప్లాటు భుజాలకైతే ఆ బాధ రాదులే.