రాహువు మీనంలోనా, మేషంలోనా? మీన్ నోడ్, ట్రూ నోడ్ సెట్టింగ్ రివ్యూ

నమస్కారం అండీ. జాతకం వేసే సాఫ్ట్‌వేర్లలో మనం చూడకుండా వదిలేసే కొన్ని సెట్టింగులు ఉంటాయి. ఈరోజు రివ్యూ వాటి గురించే, ముఖ్యంగా రాహుకేతువుల సెట్టింగ్ గురించి. స్క్రీన్ మీద మీరు చూస్తున్నది జగన్నాథ హోరా. పి.వి.ఆర్. నరసింహారావు గారు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్ ఇది. నేను దీన్నే ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. ఏ లెక్క ఏ పద్ధతిలో చేయాలో మన చేతికే వదిలేస్తుంది.

ఒక తేదీ వేద్దాం. 2023 నవంబర్ 15, మధ్యాహ్నం 12 గంటలు, హైదరాబాద్. లాహిరి అయనాంశ. ఇది ఎవరి జాతకమూ కాదు, తేడా బాగా కనపడాలని కావాలనే తీసుకున్న రోజు.

ముందు మీన్ నోడ్ పెట్టాను. రాహువు మీనంలో 29 డిగ్రీల 10 నిమిషాల దగ్గర ఉన్నాడు, రేవతి నాలుగో పాదం. కేతువు కన్యలో, శుక్రుడితో కలిసి ఉన్నాడు. గురువు మేషంలో ఒంటరిగా ఉన్నాడు.

ఇప్పుడు ఇంకేదీ ముట్టుకోకుండా ట్రూ నోడ్‌కి మారుస్తున్నాను. చూడండి, రాహువు మేషంలోకి వచ్చేశాడు. అర డిగ్రీ దాటాడు, అశ్విని ఒకటో పాదం. అక్కడ గురువు ఉన్నాడు కాబట్టి గురు చండాల యోగం అని రాసేవాళ్లు రాసేస్తారు. కేతువు తులలోకి వెళ్లి రవి, కుజుల పక్కన చేరాడు. శుక్రుడి పక్కన ఇప్పుడు ఎవరూ లేరు.

పుట్టిన సమయం అదే, ఊరు అదే. రాహువు కదిలింది ఒక డిగ్రీ ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే. గురువు ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు, మేషంలో సుమారు 14 డిగ్రీల దగ్గర. రెండు లెక్కల్లోనూ రాహువుకీ గురువుకీ మధ్య దూరం అటూ ఇటూగా 14, 15 డిగ్రీలే. రాశి గీత మధ్యలో పడటంతో ఒక చక్రంలో యోగం ఉంది, ఇంకో చక్రంలో లేదు.

ఆ సంవత్సరం రాహువు మీనంలోకి ఎప్పుడు వచ్చాడన్న దానికీ ఇదే గొడవ. మీన్ నోడ్ లెక్కన అక్టోబర్ 30, ట్రూ నోడ్ లెక్కన నవంబర్ చివరి వారం. ఆ మధ్యలో పుట్టిన ప్రతి బిడ్డకీ రెండు రకాల చక్రాలు వస్తాయి. 2025లో కుంభ ప్రవేశానికీ అంతే, ఒక లెక్కలో మే 18, ఇంకో లెక్కలో మే 29.

ఇంతకీ ఈ రెండూ ఏమిటి? చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే బిందువు రాహువు. ఆ బిందువు వెనక్కి జరుగుతూ సుమారు 18.6 ఏళ్లలో ఒక చుట్టు తిరుగుతుంది. ఆ వేగాన్ని సమానంగా పంచి లెక్క కడితే వచ్చేది మీన్ నోడ్, మన గణితంలో మధ్యమ రాహువు. కానీ సూర్యుడి ఆకర్షణ వల్ల చంద్రుడి కక్ష్య కాస్త ఊగుతూ ఉంటుంది. ఆ ఊగడాన్ని కూడా కలిపితే వచ్చేది ట్రూ నోడ్, అంటే స్ఫుట రాహువు. ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర డిగ్రీ పైచిలుకు తేడా వస్తుంది. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి. ఆ ఊగులో పెద్ద భాగం సుమారు 173 రోజులకోసారి తిరిగి వస్తుంది.

ట్రూ అన్నారు కదా అని అదే నిజం, రెండోది అబద్ధం అనుకోకండి. చంద్రుడు ఆ బిందువు మీదకి నెలకి ఒకసారే వస్తాడు. మిగతా రోజుల్లో ట్రూ నోడ్ కూడా ఆ క్షణంలోని కక్ష్యని బట్టి గీసిన బిందువే. సూర్యసిద్ధాంతం రాహువుకి ఇచ్చింది మధ్యమ గతి. అందుకే పాత పద్ధతిలో నేర్పేవాళ్లు మీన్ నోడ్‌నే వాడటం సహజం.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, దీనివల్ల రాహు మహాదశ తేదీలు మారతాయా అని. మారవు. వింశోత్తరి దశ చంద్రుడి నక్షత్రాన్ని బట్టి వస్తుంది, రాహువు డిగ్రీతో దానికి పని లేదు. రాశి మారడం కూడా అరుదే. గీత దగ్గర ఉన్నప్పుడే మారుతుంది. ఎక్కువగా మారేది నవాంశ. నవాంశ వెడల్పు 3 డిగ్రీల 20 నిమిషాలే కాబట్టి, ఒక డిగ్రీ తేడాకే పది జాతకాల్లో సుమారు మూడింటిలో రాహువు నవాంశ మారిపోతుంది.

ఇక్కడ ఇంకో మెలిక చూపించాలి. మళ్లీ మీన్ నోడ్ పెట్టి, ఈసారి అయనాంశని లాహిరి నుంచి రామన్‌కి మారుస్తున్నాను. రాహువు మళ్లీ మేషంలోకి వచ్చాడు, అర డిగ్రీ దాటి! ట్రూ నోడ్ పెట్టినప్పుడు చూసినట్టే ఉంది. కానీ కారణం వేరు. ఈ రెండు అయనాంశలకీ మధ్య సుమారు 1 డిగ్రీ 27 నిమిషాల తేడా ఉంది, అది అన్ని గ్రహాలనీ ఒకేలా ముందుకి జరుపుతుంది. కుజుణ్ణి గమనించండి. లాహిరిలో తుల 29 డిగ్రీలు దాటి ఉన్నవాడు వృశ్చికంలోకి వెళ్లిపోయాడు. చంద్రుడూ జరుగుతాడు కాబట్టి ఇక్కడ దశలు కూడా కదులుతాయి. జన్మదశ శుక్రదశ అయితే, ఇరవై ఏళ్లలో రెండేళ్లకి పైగా తేడా వస్తుంది. మీన్ నోడ్, ట్రూ నోడ్ అని టెన్షన్ పడే ముందు అయనాంశ చూసుకోవాలని నేను చెప్పేది ఇందుకే. దెబ్బ పెద్దది ఇక్కడే.

కాబట్టి ఒకే మనిషికి రెండు చోట్ల వేసిన చక్రాలు కలవకపోతే, యోగాల జోలికి వెళ్లకుండా డిగ్రీల పట్టిక పక్కపక్కన పెట్టండి. రాహుకేతువులు మాత్రమే తేడాగా ఉంటే అది నోడ్ సెట్టింగ్. గ్రహాలన్నీ ఒకే కొలతలో జరిగి ఉంటే అయనాంశ. లగ్నం బాగా, చంద్రుడు కొద్దిగా మారి, గురు శనులు దాదాపు కదలకపోతే, సమయంలో తేడా ఉంది. అమెరికాలో వేసవిలో పుట్టిన పిల్లలకి ఇది తరచూ వస్తుంది. గడియారం గంట ముందుకి జరిపిన సంగతి సాఫ్ట్‌వేర్‌కి తెలియకపోతే లగ్నం సుమారు 15 డిగ్రీలు పక్కకి పోతుంది. మన దేశంలో కూడా రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ వరకు, గడియారాలు గంట ముందు నడిచాయి. తాతయ్యల జాతకాలు వేసేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఇక డిగ్రీలన్నీ కలిసి దశ తేదీలు మాత్రమే కలవకపోతే, ఒకరు 365 రోజుల పైచిలుకు సంవత్సరం, ఇంకొకరు 360 రోజుల సంవత్సరం తీసుకున్నారేమో చూడండి. అరవై ఏళ్ల వయసుకి ఆ తేడా దాదాపు పది నెలలవుతుంది.

ఏ నోడ్ వాడుతోందో చెప్పని ఫోన్ యాప్ ఉంటే ఏం చేయాలి? అదే ఊరు, అదే సమయం పెట్టి వరుసగా రెండు రోజులకి చక్రం వేయండి. రాహువు డిగ్రీల తేడా తీయండి. వెనక్కి 3 నిమిషాల 11 సెకన్లు వస్తే మీన్ నోడ్. ఒక్కసారితో ఆగకండి, ఇంకో నెలలో రెండు రోజులు తీసుకోండి. అప్పుడూ అదే అంకె వస్తే అనుమానం లేదు. తేడా ఒక్కోసారి ఒక్కోలా వస్తే, లేదా రాహువు ముందుకి నడిచినట్టు కనిపిస్తే అది ట్రూ నోడ్. మధ్యమ రాహువు ఎప్పుడూ ముందుకి నడవడు.

నా వరకు నేర్చుకునేవాళ్లకి మీన్ నోడ్, లాహిరి పెట్టుకోమని చెప్తాను, మీ గురువు గారు వేరేది చెప్తే అదే పెట్టుకోండి. ఫలితం నచ్చలేదని మధ్యలో మార్చడం మాత్రం వద్దు. ప్రింట్ తీసిన ప్రతి చక్రం కింద అయనాంశ, నోడ్, టైమ్ జోన్, దశ సంవత్సరం, ఈ నాలుగూ పెన్నుతో రాసి పెట్టండి. రాహువు రాశి గీతకి రెండు డిగ్రీల లోపు ఉంటే, రెండో సెట్టింగ్‌లో ఎక్కడున్నాడో కూడా దాని పక్కనే రాయండి.