లాభంలో ఉన్న ఆల్ట్‌కాయిన్: ఎంత అమ్మాలి, స్టాప్ ఎప్పుడు జరపాలి
(విశాఖపట్నంలో ట్రేడర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి అన్న సంగతి ఇవాళ పక్కన పెడదాం. కొన్న కాయిన్ లాభంలోకి వచ్చింది. ఇక్కణ్ణుంచి ఎంత అమ్మాలి, మిగిలినదాని కింద స్టాప్ ఎప్పుడు జరపాలి అన్నదే మన విషయం. చాలామంది లాభంలో ఉన్న ట్రేడును పాడుచేసుకునేది ఇక్కడే.

ఒక ఊహా కాయిన్ తీసుకుందాం. మీ మూలధనం 2 లక్షలు. ఒక ట్రేడులో 1 శాతం, అంటే 2,000 రూపాయలు పోయినా ఫర్వాలేదనుకున్నారు. 100 రూపాయల దగ్గర కొన్నారు, స్టాప్ 92. కాయిన్‌కు 8 రూపాయల రిస్కు కాబట్టి 250 కాయిన్లు కొనవచ్చు, 25,000 రూపాయలు పెట్టుబడి. పైన 4 గంటల చార్టులో పాత ఎత్తు 112 దగ్గర ఉంది. డైలీ చార్టులో అంతకన్నా పెద్ద ఎత్తు 128 దగ్గర ఉంది. అక్కడ అమ్మేవాళ్లు కాచుకుని ఉంటారు కాబట్టి మన ఆర్డర్లు వాళ్లకన్నా కొంచెం ముందే, 111.60 దగ్గరా 127 దగ్గరా పెడతాం.

మొదటి టార్గెట్‌లో ఎంత అమ్మాలి? సగం అని అలవాటుగా అంటారు. అలవాటు వద్దు, లెక్క వేయండి. టార్గెట్ మీ రిస్కుకు ఎన్ని రెట్ల దూరంలో ఉందో చూసి, దానికి 1 కలిపి, 1ని ఆ మొత్తంతో భాగించండి. మన టార్గెట్ దాదాపు ఒకటిన్నర రెట్లు. 1ని 2.5తో భాగిస్తే 0.4, అంటే 40 శాతం, 100 కాయిన్లు. వీటి మీద లాభం 1,160. మిగిలిన 150 కాయిన్లు తిరిగొచ్చి పాత స్టాప్ 92 దగ్గరే పోయినా నష్టం 1,200. తేడా 40 రూపాయలే. టార్గెట్ రెండు రెట్ల దూరంలో ఉంటే మూడో వంతు అమ్మితే సరిపోతుంది. ఒక్క రెట్టే అయితే సగం అమ్మాలి.

మన దేశంలో ఈ లెక్కకు ఒక సవరణ ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు కలిపితే 31.2 శాతం. ఒక అమ్మకంలో వచ్చిన నష్టాన్ని ఇంకో అమ్మకపు లాభంలోంచి తీసివేయడానికి వీల్లేదు. అంటే ఆ 1,160 మీద సుమారు 362 పన్ను కట్టాలి, 1,200 నష్టం దానికి అడ్డు రాదు. కాబట్టి సమానంగా బయటపడ్డామనుకున్న ట్రేడులో నిజానికి 400 పైన పోతుంది, ఎక్స్చేంజ్ ఫీజు అదనం. ముందు ఒప్పుకున్న 2,000తో పోలిస్తే ఇది ఐదో వంతే. అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ వేరు. అది విలువ మీద పడేది కనుక, మూడు ముక్కలుగా అమ్మినంత మాత్రాన ఆ శాతం పెరగదు.

ఇంత లెక్క ఎందుకంటే, మొదటి అమ్మకం అవగానే స్టాప్‌ను కొన్న ధరకు జరపాల్సిన అవసరం దీంతో తీరిపోతుంది. మీరు 100 దగ్గర కొన్నారన్న సంగతి మార్కెట్‌కు తెలియదు. ఆల్ట్‌కాయిన్లు ఒక ఎత్తును తాకాక, బయల్దేరిన చోటికి దాదాపుగా తిరిగొచ్చి మళ్లీ లేవడం మామూలే. మన కాయిన్ కూడా 112 తాకి 99కి జారిందనుకోండి. స్టాప్‌ను 100కి జరిపినవాళ్లు అక్కడే బయటకు పోతారు. 92 దగ్గరే ఉంచినవాళ్లు ట్రేడులో ఉంటారు.

మరి స్టాప్ ఎప్పుడు జరపాలి? 99 దగ్గర ధర ఆగినట్టు కనిపించగానే కాదు. ఆ పల్లం నుంచి లేచిన ధర పాత ఎత్తు 112ను దాటి, 4 గంటల క్యాండిల్ దాని పైన ముగియాలి. విక్ దాటితే చాలదు. ఉదాహరణకు 113.50 దగ్గర ముగిసింది. అప్పుడే 99 నిజమైన హయ్యర్ లో అయింది, ఎందుకంటే కొత్త ఎత్తును పుట్టించిన పల్లం అదే. మళ్లీ దాని కిందకు వెళ్తే పైకి నడిచే వరస విరిగినట్టే. స్టాప్ సరిగ్గా 99 దగ్గర పెట్టకండి, అందరివీ అక్కడే ఉంటాయి. 14 క్యాండిళ్ల ఏటీఆర్‌లో, అంటే ఒక్కో క్యాండిల్ సగటున కదిలే దూరంలో, సగం కిందకు వదలండి. ఏటీఆర్ 3 రూపాయలైతే స్టాప్ 97.50. కొన్న ధర కన్నా ఇది కింద ఉందని కంగారు పడొద్దు. 150 కాయిన్ల మీద 375 నష్టం, చేతిలో 1,160 ఉన్నాయి.

మన గడియారంలో 4 గంటల క్యాండిళ్లు ఉదయం 5:30, 9:30, మధ్యాహ్నం 1:30, సాయంత్రం 5:30, రాత్రి 9:30, 1:30కి ముగుస్తాయి. గాజువాక నుంచి షిఫ్టుకు వెళ్లేవాళ్లయినా, మధురవాడలో ఆఫీసు పని చేసేవాళ్లయినా ఉదయం 9:30కి, రాత్రి 9:30కి చూసుకుంటే చాలు. క్యాండిల్ ముగియకముందే స్టాప్ ముట్టుకోవద్దు.

తర్వాత ధర 127 తాకింది, మిగిలిన 150లో సగం, 75 కాయిన్లు అమ్ముడయ్యాయి, లాభం 2,025. ధర 129 దాకా వెళ్లి, 117కి దిగి, మళ్లీ లేచి 130.50 దగ్గర ముగిసింది. ఇప్పుడు 117 ఖాయమైన పల్లం. ఏటీఆర్ 4కు పెరిగింది కనుక స్టాప్ 115.

చివరి 75 కాయిన్ల దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. ధర 141కి ఎగిరి, 131కి దిగి, 137 దాకా మాత్రమే లేచింది. 141 దాటలేదు కాబట్టి 131 ఖాయం కాలేదు, నియమం ప్రకారం స్టాప్ 115 దగ్గరే. అక్కడ పోతే ఈ ముక్క మీద 1,125, మొత్తం 4,310. శిఖరం నుంచి చూస్తే కాయిన్‌కు 26 రూపాయలు తిరిగి ఇచ్చేశాం. రెండో టార్గెట్ దాటిన ముక్కకు నేను ఇంకో షరతు చేరుస్తాను: ధర పాత ఎత్తును అందుకోలేక తక్కువ ఎత్తు దగ్గరే ఆగి, ఆ తర్వాత క్యాండిల్ 131 కింద ముగిస్తే, స్టాప్ కోసం ఆగకుండా అమ్మేయాలి. 130 దగ్గర అమ్మితే మొత్తం 5,435 అవుతుంది. ఈ షరతు వల్ల కొన్ని పెద్ద పరుగులు తప్పిపోతాయి, అది తెలిసే ఒప్పుకుంటున్నాను. ఇంకో నిజం కూడా చెప్పాలి: 250 కాయిన్లూ 127 దగ్గరే అమ్మి ఉంటే 6,750 వచ్చేది. ముక్కలుగా అమ్మడం ఏ ఒక్క ట్రేడులోనూ గరిష్ఠ లాభం ఇవ్వదు. 112 దగ్గరే తిరగబడే ట్రేడుల్లో మాత్రం మన నష్టాన్ని బాగా తగ్గిస్తుంది.

ఇక ఆర్డర్లు. స్పాట్‌లో ఒక కాయిన్ ఒక ఆర్డర్‌లోనే ఇరుక్కుంటుంది. 250కి స్టాప్ పెట్టాక 100కి అమ్మకం ఆర్డర్ పెడితే బ్యాలెన్స్ లేదంటుంది. అందుకే కొన్న వెంటనే మూడు భాగాలు చేయండి: 100 కాయిన్లకు 111.60, 92తో ఓసీఓ, అంటే రెండింటిలో ఒకటి నెరవేరగానే రెండోది రద్దయ్యే జంట ఆర్డర్. 75కు 127, 92తో ఓసీఓ. చివరి 75కు 92 స్టాప్ ఒక్కటే. మీ ఎక్స్చేంజ్‌లో ఓసీఓ లేకపోతే మొత్తానికీ స్టాప్ పెట్టి, 111 దగ్గర అలర్ట్ పెట్టుకోండి. ఫ్యూచర్స్‌లో అయితే ప్రతి అమ్మకం తర్వాత స్టాప్ పరిమాణం తగ్గించి, రిడ్యూస్ ఓన్లీ గుర్తు పెట్టాలి. లేకపోతే స్టాప్ తగిలినప్పుడు మీరు అడగని షార్ట్ పొజిషన్ తెరుచుకోవచ్చు.

స్టాప్ లిమిట్‌లో ట్రిగ్గర్ 97.50 అయితే లిమిట్ కూడా అంతే పెట్టేవాళ్లున్నారు. పల్చటి ఆర్డర్ బుక్‌లో ధర ఆ అంకెను దూకేస్తే ఆర్డర్ అలాగే పడి ఉంటుంది, కాయిన్ మీ దగ్గరే కిందకు పోతుంది. 2025 అక్టోబర్ 10న, మనకు 11 తెల్లవారకముందే, బిట్‌కాయిన్ కుంగినప్పుడు చాలా ఆల్ట్‌కాయిన్లు నిమిషాల్లో అంతకు ఎన్నో రెట్లు పడ్డాయి. లిమిట్‌ను ట్రిగ్గర్ కన్నా కనీసం 2 శాతం కిందకు, అంటే ఇక్కడ 95.50కు పెట్టండి. మీరు అమ్మబోయే పరిమాణాన్ని ఆ 2 శాతం లోపున్న కొనుగోలు ఆర్డర్లు మింగలేకపోతే, ఆ కాయిన్‌లో మీ పొజిషన్ పెద్దదైపోయినట్టు. స్టాప్ ఎక్కడ పెట్టినా ఆ పరిస్థితి మారదు, కొనేటప్పుడే పరిమాణం తగ్గించుకోవాలి.