బండి కింద నీడ: ఉంచాలా, తీసేయాలా?

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో సగం మంది స్టూడియోలవాళ్లని, మిగతావాళ్లు తమ వస్తువుల్ని తామే ఫోటో తీసి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటున్నవాళ్లని చెప్పారు. కాబట్టి అంచు వెంబడి కత్తిరించడం ఎలాగో నేను చెప్పక్కర్లేదు. ఆ పని అయ్యాక వచ్చే ప్రశ్న ఒక్కటే తీసుకుంటాను. వస్తువు కింద పడ్డ నీడని దానితో పాటు తెచ్చుకోవాలా, అక్కడే వదిలేయాలా?

ఈ బల్ల మీద ఉన్నది కొండపల్లి ఎడ్లబండి. తెల్ల పొణికి చెక్కతో చేసిన బొమ్మ, జానెడు పొడవుంటుంది. దీన్ని తెల్ల కాగితం మీద పెట్టి, ఎడమ పక్క కిటికీ వెలుతురులో పొద్దున తీసిన ఫోటో తెర మీద ఉంది. నీడ చూడండి. ఒకటే అనిపిస్తుంది కానీ అక్కడ రెండున్నాయి. చక్రం కాగితాన్ని తాకే చోట, ఎద్దుల గిట్టల కింద, సన్నటి నల్లటి గీత ఉంది కదా, దాన్ని మా దగ్గర అంటు నీడ అంటాం. చక్రానికీ కాగితానికీ మధ్య ఆ ఇరుకులోకి లైటు ఎటునుంచి పెట్టినా సరిగా దూరదు. రెండోది కుడివైపుకి పోతూ, పోయేకొద్దీ పలచబడి, అంచు చెదిరిపోయేది. అది సాగు నీడ. మధ్యాహ్నం ఇదే బండిని డాబా మీద పెట్టి తీస్తే సాగు నీడ పొట్టిదై బండి కిందికి చేరిపోతుంది. అంటు నీడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అంటు నీడని నేను దాదాపు ఎప్పుడూ ఉంచుతాను. సాగు నీడని ఉంచాలంటే మాత్రం నాకేదైనా కారణం కనబడాలి.

ఇది పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. మొదట్లో ఒక బొమ్మల కేటలాగ్ చేశాను. నీడలన్నీ శుభ్రంగా తీసేసి ఇచ్చాను. చూసినాయన "బొమ్మలన్నీ గాల్లో తేలుతున్నాయేంటి బాబూ?" అన్నాడు. సరే అని ఈసారి నీడలన్నీ ఉంచాను. పన్నెండు బొమ్మలు, మూడు రోజులు తీసిన ఫోటోలు. ఒకే పేజీలో ఏనుగు నీడ కుడికి, పక్కనే దశావతారాల సెట్టు నీడ ఎడమకి. ఒకే పేజీలో ఇద్దరు సూర్యులు! మొదటిసారి కంటే ఎక్కువ తిట్లు తిన్నాను. ఆ రాత్రి కూర్చుని సాగు నీడలన్నీ తీసేసి, తాకేచోట గీతలు మాత్రం ఉంచాను. అదే ముద్రణకి వెళ్లింది.

ఎడ్లబండి విషయంలో ఇంకో తిరకాసు ఉంది. చక్రం ఆకుల సందుల్లోంచి వెనక ఉన్న కాగితం కనిపిస్తుంది. అక్కడ కాగితం తెల్లగా ఉండదు, బండి కింద కాబట్టి మసగ్గా ఉంటుంది. కత్తిరించేటప్పుడు ఆ సందుల్ని తెల్లగా తుడిచేస్తే చక్రం స్టిక్కర్ అంటించినట్టు అయిపోతుంది. సందులోంచి కాగితాన్ని తీసేయండి, దాని మీది మసకని మాత్రం నీడ లేయర్‌లో ఉంచండి. బండి అడుగు చెక్క నల్లగా కనిపించేది కూడా కొందరు నీడే అనుకుని తుడుస్తారు. అది బొమ్మ మీదున్న చీకటి, బొమ్మకి చెందినది. దాని జోలికి వెళ్లొద్దు.

మరి సాగు నీడ ఎప్పుడు ఉంచుతాను? బొమ్మ ఒక్కటే ఉన్న పోస్టర్‌కి, వేసే నేపథ్యంలో కూడా వెలుతురు ఎడమ నుంచే వస్తుంటే ఉంచుతాను. నీడ కొస ఫ్రేమ్ అంచుకి తగిలి తెగిపోయి ఉంటే మాత్రం ఉంచను. తెగిన చోట నిలువు గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అమెజాన్ లాంటి చోట మొదటి ఫోటో నేపథ్యం స్వచ్ఛమైన తెలుపు, అంటే 255, 255, 255 ఉండాలంటారు. అక్కడ అంటు నీడతోనే ఆపేస్తాను.

ఇక ఉంచాలని నిర్ణయించుకున్నాక జరిగే అసలు తప్పు చెబుతాను. చాలామంది నీడని కాగితంతో సహా కత్తిరించి తెస్తారు. అలా తెచ్చింది నీడ కాదు, బూడిదరంగు కాగితం ముక్క. తెల్లటి పేజీ మీద తప్పు బయటపడదు. పసుపు నేపథ్యం మీద పెట్టగానే బండి కింద సిమెంటు పూసినట్టు అవుతుంది.

లెక్క చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఈ ఫోటోలో కాగితం విలువ 230, నీడ మధ్యలో 160. అంటే నీడపడ్డ చోట విలువ పక్కనున్న కాగితం విలువలో దాదాపు 70 శాతం. మనకి కావాల్సింది ఆ 70 శాతమే, 160 కాదు. అందుకని నీడని వేరే లేయర్‌గా తీసుకుని, రంగు తీసేసి, ఫోటోషాప్ Levels లో తెలుపు కొసని 255 నుంచి 230కి జరుపుతాను. కాగితం 255 అవుతుంది, నీడ 177 అవుతుంది. ఆ లేయర్‌ని Multiply లో పెట్టి బండి లేయర్ కిందికి తోస్తాను. తెల్లగా ఉన్నదంతా మాయమై, నీడ ఉన్నచోట కింది రంగు 70 శాతానికి తగ్గుతుంది. 255, 204, 0 ఉన్న పసుపు 177, 142, 0 అవుతుంది. అది నీడలో ఉన్న పసుపే.

రంగు ఎందుకు తీశానంటే, బండి ఎర్ర రంగు కాగితం మీద పడి నీడకి గులాబీ ఛాయ వచ్చింది. పచ్చటి నేపథ్యం మీద ఆ గులాబీ అసహ్యంగా ఉంటుంది.

ఇలా చేసినదాన్ని పీఎన్‌జీగా ఇవ్వాలంటే Multiply పనికిరాదు. కింద ఏమీ లేకపోతే తెల్ల డబ్బా అలాగే కనిపిస్తుంది. అప్పుడు తెలుపుని పారదర్శకం చేయాలి. నీడ లేయర్ ఒక్కటే కనిపించేలా ఉంచి, Channels లో RGB మీద Ctrl పట్టుకుని నొక్కితే తెల్ల భాగాలు ఎంపికవుతాయి, దాన్ని తిరగేసి, కొత్త లేయర్‌లో నలుపు నింపుతాను. నీడ మధ్యలో దాదాపు 30 శాతం నలుపు వస్తుంది. ఏ రంగు మీద పెట్టినా ఫలితం Multiply తో వచ్చినట్టే ఉంటుంది. నల్లటి నేపథ్యం మీద మాత్రం రెండు పద్ధతులూ పనిచేయవు. నలుపుని ఇంకా నల్లగా చేయలేం కదా! అక్కడ నీడ ఉంచినా తీసినా బొమ్మ తేలుతుంది. కింద కొంచెం లేత రంగు నేల వేయక తప్పదు.

ఇంతవరకు కాగితమంతా 230 ఉందనుకుని మాట్లాడాను. నిజానికి కిటికీ పక్కన 240, అటు చివర 215 ఉంది. 230 దగ్గర కొస పెడితే ఆ చివర మురికిలా మిగులుతుంది, దాన్ని తుడవబోతే నీడ కొస కూడా పోతుంది. దీనికి నా దగ్గరున్న మందు ఒక్కటే, అది ఫోటో తీసేటప్పుడే వేయాలి. బండి ఫోటో అయ్యాక బండిని తీసేసి, ఏ సెట్టింగూ మార్చకుండా ఖాళీ కాగితాన్ని ఒకసారి తీయాలి. ఆ ఖాళీ ఫోటోని పైలేయర్‌గా పెట్టి Divide ఎంచుకుంటే ప్రతి చుక్కా తన చోటి కాగితంతో భాగించబడుతుంది. కాగితం అంతటా తెల్లగా, నీడ కొస చెదరకుండా వస్తుంది. కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు ఫోటోలూ అతకవు.

ఇప్పుడు చేసి చూపిస్తాను. మొదటి వరసలోవాళ్లు ట్రైపాడ్‌కి కాళ్లు తగలకుండా కాస్త వెనక్కి జరగండి. ఆ కిటికీ తలుపు మాత్రం ఎవరూ ముట్టుకోకండి.