ఆన్‌లైన్ పాఠాల రాబడికి ఒక లెక్కల పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో జీతానికి పాఠాలు చెప్పిన టీచర్లు కొందరు ఇప్పుడు ఇంట్లోనే బోర్డు పెట్టుకుని, ఫోన్ ముందు నిలబడి చెబుతున్నారు. పాఠం ఎలా చెప్పాలో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. చిక్కంతా డబ్బు దగ్గర వస్తుంది. జీతమైతే ఒకటో తారీఖున, పన్ను కోసుకుని వచ్చేది. ఇప్పుడు ఒక నెల లక్షల్లో, మరో నెల వేలల్లో వస్తుంది. పన్ను ఎంత కట్టాలో, ఎప్పుడు కట్టాలో చెప్పేవాళ్లు ఉండరు. అందుకే ఈ రోజు పూర్తిగా ఒక ఉదాహరణ మీదే మాట్లాడతాను.

కంచరపాలెంలో ఉండే ఒక లెక్కల టీచరమ్మ అనుకుందాం. రైళ్ల చప్పుడు మైక్‌లో పడుతుందని రాత్రి పది దాటాక, ఫ్యాన్ ఆపేసి రికార్డింగ్ చేసుకుంటారు. ఇంటర్ పిల్లలకు, ఈఏపీసెట్ రాసేవాళ్లకు పాఠాలు చెబుతారు. ఇంటర్ పరీక్షలు మార్చి ప్రాంతంలో, ఈఏపీసెట్ మేలో జరుగుతాయి కాబట్టి ఆవిడ రాబడి కూడా ఆ పరీక్షల వెంటే నడుస్తుంది. 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఏప్రిల్, మే కలిపి 5 లక్షలు వచ్చాయనుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు 40 వేలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెలకు 80 వేలు, జనవరి నుంచి మార్చి దాకా 7 లక్షలు. మొత్తం 16 లక్షలు.

ఇల్లు గడవడానికి నెలకు 70 వేలు కావాలి. నెట్, కరెంటు, ఇన్వర్టర్, వీడియోలు ఎడిట్ చేసే అబ్బాయికి ఇచ్చేది కలిపి పని ఖర్చు నెలకు 20 వేల పైచిలుకు. అంటే జూన్ నుంచి డిసెంబరు దాకా ప్రతి నెలా వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. ఈ ఏడు నెలల లోటు కూడితే సుమారు 2,30,000. మే నెలాఖరుకు ఆ మొత్తం ఖాతాలో ఉండి తీరాలి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన డబ్బు చూసి కొత్త బండి కొనేస్తే ఆగస్టులో అప్పు కోసం వెతకాల్సి వస్తుంది.

దీనికి నాకు తెలిసిన మంచి పద్ధతి, రెండు ఖాతాలు పెట్టుకోవడం. ఫీజులు, యూట్యూబ్ డబ్బు, ఏం వచ్చినా మొదటి ఖాతాలోకే రావాలి. అందులోంచి ప్రతి నెలా ఒకటో తారీఖున 70 వేలు ఇంటి ఖాతాకు పంపుకోవాలి, తనకు తాను జీతం ఇచ్చుకున్నట్టు. రాబడి బాగున్న నెలలోనూ అంతే, బాగాలేని నెలలోనూ అంతే. ఫిబ్రవరిలో తీసుకున్న క్రాష్ కోర్సు ఫీజు మే దాకా చెప్పాల్సిన పాఠాలకు కదా. మధ్యలో ఎవరైనా మానేసి డబ్బు వెనక్కి అడిగితే ఇవ్వాల్సింది కూడా ఆ మొదటి ఖాతాలోంచే.

ఇక పన్ను. ఆ 16 లక్షల్లో 4,60,000 ఒక కోచింగ్ సంస్థ ఇచ్చింది. ఫీజులో 10 శాతం, అంటే 46 వేలు టీడీఎస్ కోసుకుని 4,14,000 మాత్రమే బ్యాంకులో వేసింది. చాలామంది తడబడేది ఇక్కడే. పాస్‌బుక్‌లో కనిపించిన 4,14,000నే ఆదాయంగా రాస్తారు. రాయాల్సింది 4,60,000. ఆ 46 వేలు మన పేరున ముందే కట్టిన పన్ను. సంస్థ దాన్ని నిజంగా కట్టిందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో మన ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. మూడు నెలలకోసారి తెరిచి చూసుకోండి. అక్కడ లేకపోతే ఆ సంస్థ అకౌంట్స్ వాళ్లకు వెంటనే రాయండి. ఏడాది దాటాక అడిగితే పని కష్టమవుతుంది.

పని కోసం పెట్టిన ఖర్చు 2,50,000 పోతే లాభం 13,50,000. కెమెరా కొంటే ధర అంతా ఒకే ఏడాది ఖర్చుగా రాయకూడదు. ఏటా 15 శాతం తరుగుదల, కంప్యూటర్‌కైతే 40 శాతం. కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆపై 4 లక్షలకు 20 వేలు, ఆ తర్వాతి 4 లక్షలకు 40 వేలు, మిగిలిన లక్షన్నరకు 22,500. మొత్తం 82,500, సెస్ కలిపితే 85,800. అందులో 46 వేలు ముందే వెళ్లాయి కాబట్టి ఇంకా కట్టాల్సింది 39,800.

బిల్లులు దాచకుండా 16 లక్షలూ లాభమే అని చూపాల్సి వస్తే పన్ను 1,24,800 అవుతుంది. అంటే బిల్లులు పోతే 39 వేలు పోయినట్టే. ఇంకో మాట. 12,75,000 దాకా పన్ను లేదని ఎక్కడో విని ధీమాగా ఉండేవాళ్లున్నారు. అందులో 75 వేలు జీతగాళ్లకిచ్చే మినహాయింపు, సొంత పని చేసుకునేవాళ్లకు అది రాదు. మనకు హద్దు 12 లక్షలే. లాభం ఆ లోపు ఉంటే, లెక్కకు వచ్చే పన్నంతా రిబేటు కింద మాఫీ అవుతుంది. దాటితే పైన వేసిన లెక్క ప్రకారం కట్టాలి. టీచరమ్మ లాభం 11,80,000 అయి ఉంటే రిటర్న్ వేసి ఆ 46 వేలూ వెనక్కి తెచ్చుకునేవారు. రిటర్న్ వేయకపోతే మాత్రం ఆ డబ్బు రాదు.

ఆ 39,800ని రిటర్న్ వేసేటప్పుడు కడదాంలే అనుకోకూడదు. టీడీఎస్ పోను ఏడాదికి 10 వేలు, అంతకుమించి పన్ను ఉంటే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. జూన్ 15 లోపు 15 శాతం, ముందు కట్టింది కూడా కలుపుకుని సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం. తప్పితే నెలకు 1 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. మరి జనవరిలో ఎంత వస్తుందో జూన్‌లో ఎలా తెలుస్తుంది? తెలియదు. పోయిన ఏడాది లెక్క పెట్టుకుని మొదలుపెట్టాలి, డిసెంబరు వాయిదా ముందు ఒకసారి, మార్చి వాయిదా ముందు ఇంకోసారి సరిచూసుకోవాలి. టీడీఎస్ కోయని ప్రతి రాబడిలోంచి, వచ్చిన రోజే వందకు పది రూపాయలు విడిగా తీసి పెడితే ఈ టీచరమ్మకు ఏ వాయిదాకూ ఇబ్బంది ఉండదు. ఇంకా మిగులుతుంది కూడా. లాభాన్ని అంచనాగా చూపే సులువు పద్ధతి కూడా చట్టంలో ఉంది. అది మీ పనికి వర్తిస్తుందో లేదో ఆడిటర్ గారిని అడిగి తేల్చుకోండి.

చివరగా జీఎస్టీ. మన రాష్ట్రంలో సేవలకు హద్దు ఏడాదికి 20 లక్షలు. అది లాభం కాదు, మొత్తం రాబడి. విదేశం నుంచి వచ్చే యూట్యూబ్ ప్రకటనల డబ్బు కూడా అందులో కలుస్తుంది. వచ్చే ఏడాది టీచరమ్మ రాబడి ఇంకో 4 లక్షలు పెరిగితే ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తారు. దాటిన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి, ఆన్‌లైన్ కోచింగ్ ఫీజు మీద 18 శాతం కట్టాలి. కోర్సు ఫీజు 2 వేలు, అన్నీ కలుపుకునే అని ముందే ప్రకటించి ఉంటే, అందులోంచి 305 రూపాయలు పన్నుకు పోయి చేతికి 1,695 మిగులుతాయి. పిల్లల్ని మళ్లీ అడగలేం. కాబట్టి రాబడి 16, 17 లక్షలకు చేరిన ఏడాది, తర్వాతి బ్యాచ్ ఫీజు ప్రకటించే ముందే ఆ 18 శాతం కలిపి ధర వేసుకోండి.

నమస్కారం.